అతిథి వక్త పరిచయానికి ఒక్క నిమిషం చాలు

అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ కెల్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక చిన్న ప్రయోగం చేసి, దాని ఫలితాలు 1950లో ప్రచురించాడు. తరగతికి ఆ రోజు కొత్త అధ్యాపకుడు వస్తున్నాడని విద్యార్థులకు చెప్పి, ఆయన్ని పరిచయం చేసే చీటీ తలా ఒకటి పంచాడు. ఆయన ఎక్కడివాడు, అంతకుముందు ఎన్నాళ్లు పాఠం చెప్పాడు, వయసెంత, పెళ్లయిందా లేదా అనే మామూలు వివరాలు అందులో ఉన్నాయి. చివర్లో, ఎరిగినవాళ్లు ఆయన గురించి ఏమంటారో ఒక వాక్యం ఉంది. ఆ వాక్యంలోనే తేడా పెట్టాడు కెల్లీ. కొన్ని చీటీల్లో ఆయన చాలా ఆప్యాయంగా ఉండే మనిషి అని రాశాడు. మిగతా చీటీల్లో కాస్త ముభావంగా ఉండే మనిషి అని రాశాడు. చీటీలు రెండు రకాలని విద్యార్థులకు తెలియదు.

కొత్త అధ్యాపకుడు వచ్చి ఇరవై నిమిషాలు చర్చ నడిపి వెళ్లాడు. ఆప్యాయంగా ఉంటాడని చదివినవాళ్లలో 56 శాతం మంది ఆ చర్చలో నోరు విప్పారు. ముభావంగా ఉంటాడని చదివినవాళ్లలో విప్పింది 32 శాతమే. ఆ తర్వాత అభిప్రాయం అడిగితే మొదటి వర్గం ఆయన్ని బాగా మెచ్చుకుంది, రెండో వర్గం అంతగా మెచ్చుకోలేదు. అందరూ అదే గదిలో కూర్చుని అదే మనిషి చెప్పిన అవే మాటలు విన్నారు. మారిందల్లా పరిచయంలో రెండు మూడు మాటలు.

సభల్లో అతిథి వక్తను పరిచయం చేసే బాధ్యత మీద పడ్డవాళ్లు ఈ ప్రయోగం నుంచి నేర్చుకోవలసింది రెండు సంగతులు. వక్త నోరు తెరవకముందే శ్రోత ఎలా వినాలో సగం నిర్ణయించుకుంటాడన్నది మొదటిది. రెండోది అంతగా పైకి కనిపించదు. ఆ చీటీలో ఎక్కడా ఉబ్బెత్తు పొగడ్త లేదు. వయసు, ఉద్యోగం లాంటి సాదా వివరాల మధ్య ఒక్క మంచి మాట ఉంది. అంత మామూలుగా చెప్పింది కాబట్టే చదివినవాళ్లు నమ్మారని నేననుకుంటాను. అదే చీటీలో ఆయన్ని మహా పండితుడు, బోధనలో ఆయనకు ఆయనే సాటి అని రాసి ఉంటే విద్యార్థులు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉండేవాళ్లు.

మన సభల్లో తరచూ జరుగుతున్నది ఈ రెండో రకమే. ‘పరిచయం అక్కర్లేని వ్యక్తి’ అని మొదలుపెట్టి పది నిమిషాలు పరిచయం చేస్తాం. ‘ఎంత చెప్పినా తక్కువే’ అంటూనే బయోడేటా మొత్తం చదివేస్తాం. వక్త మీద అగౌరవం ఉండి కాదు, గౌరవం ఎక్కువై చేసే పని ఇది. కానీ దాని ఫలితం అనుభవించేది వక్తే. అలిసిపోయిన సభా, మోయలేని బిరుదులూ ఆయనకు మిగులుతాయి.

పొగడ్త మనది, తీర్చవలసింది ఆయన

పరిచయంలో మనం వాడే ప్రతి విశేషణమూ వక్త పేరున మనం రాసే అప్పు. ‘అద్భుతమైన వక్త’ అన్నామంటే మొదటి రెండు నిమిషాల్లో ఆయన అద్భుతంగా మాట్లాడి ఆ అప్పు తీర్చాలి. ‘ఇప్పుడు మిమ్మల్ని కడుపుబ్బ నవ్విస్తారు’ అంటే మరీ పెద్ద అప్పు. ఆ మాట విన్న శ్రోత చేతులు కట్టుకుని, ఏదీ నవ్వించు చూద్దాం అని కూర్చుంటాడు. మామూలుగా అయితే నవ్వు తెప్పించే మాట కూడా అప్పుడు చప్పగా పడుతుంది.

దీన్ని బట్టి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేలిపోతుంది. వక్త ఇప్పటికే చేసిన పని చెప్పవచ్చు, ఎందుకంటే అది జరిగిపోయింది, దాన్ని ఆయన మళ్లీ రుజువు చేయనక్కర్లేదు. ఇక మీదట శ్రోతకు ఏమనిపించబోతోందో చెప్పకూడదు. ‘మంత్రముగ్ధులవుతారు’, ‘కళ్లు చెమరుస్తాయి’, ‘జీవితాలు మారిపోతాయి’ లాంటివన్నీ శ్రోత తరఫున మనం ఇచ్చే హామీలు. శ్రోత తనకేమనిపించాలో తానే తేల్చుకుంటాడు.

ఎంత చెప్పాలన్న దానికి చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక పద్ధతి ఉంది. డేల్ కార్నెగీ బోధనల్లోంచి వచ్చి, ఆయన మరణానంతరం 1962లో వెలువడిన ఉపన్యాస కళ పుస్తకంలో చోటు చేసుకున్న పద్ధతి అది. దాని ప్రకారం పరిచయంలో మూడే మెట్లు. ఈ రోజు విషయం ఏమిటి? ఆ విషయం ఇక్కడ కూర్చున్నవాళ్లకు ఎందుకు కావాలి? దాన్ని చెప్పడానికి ఈ మనిషే ఎందుకు తగినవాడు? ఈ వరసలోనే చెప్పి, చివరి మాటగా పేరు పలకాలి.

వరస ఎందుకంత ముఖ్యమో శ్రోత వైపు నుంచి చూస్తే అర్థమవుతుంది. కుర్చీలో కూర్చున్నవాడి మనసులో మొదట మెదిలే ప్రశ్న ‘ఈయన ఎక్కడ చదివాడు?’ అన్నది కాదు, ‘ఇది నాకెందుకు?’ అన్నది. దానికి జవాబు దొరికాకే చెప్పేవాళ్ల మీద ఆసక్తి పుడుతుంది. మనమేమో తలకిందులుగా చేస్తాం. పుట్టిన ఊరు, చదివిన బడి, చేసిన ఉద్యోగాలు, వచ్చిన పురస్కారాలు వరసగా చెప్పి, విషయం మాత్రం ‘ఇక వారు తమ అమూల్యమైన సందేశం వినిపిస్తారు’ అన్న ఒక్క వాక్యంతో తేల్చేస్తాం.

ఒక సభ, ఒక వైద్యురాలు

ఇదంతా ఆచరణలో ఎలా ఉంటుందో చూడటానికి ఒక సభను ఊహించుకుందాం. మండల కేంద్రంలో జిల్లా పరిషత్ హైస్కూలు. జూన్ మొదటి వారం, ఆదివారం ఉదయం. ఖరీఫ్ పనులు మొదలవబోతున్నాయి. రైతులు, కూలీలు, పై తరగతుల పిల్లలు కలిసి నూటయాభై మంది దాకా వస్తారు. పాము కరిస్తే ఆసుపత్రికి చేరేలోపు ఏం చేయాలన్నది విషయం. వక్త దగ్గరలోని ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలో పనిచేసే వైద్యురాలు. ఆమెను పరిచయం చేసే పని ఆ బడిలోని తెలుగు మాస్టారికి అప్పగించారు.

మాస్టారి చేతికి ఒకటిన్నర పేజీల బయోడేటా వచ్చింది. ఎంబీబీఎస్, ఎండీ, బంగారు పతకం, పత్రికల్లో వ్యాసాలు, హాజరైన సదస్సులు, వైద్య సంఘాల్లో పదవులు, జిల్లా స్థాయి ప్రశంసాపత్రం అన్నీ అందులో ఉన్నాయి. ఆయన మొదట రాసుకున్నది ఇలా మొదలైంది:

‘ఈనాటి ముఖ్య అతిథి గురించి చెప్పడానికి నాకు మాటలు చాలవు. వారు వైద్య శిఖామణి, అపర ధన్వంతరి, బంగారు పతక గ్రహీత. పాము కాటు వైద్యంలో రాష్ట్రంలోనే తిరుగులేని నిపుణురాలు. వేలాది ప్రాణాలు నిలబెట్టిన ప్రాణదాత. వారి ప్రసంగం ఆద్యంతం మిమ్మల్ని మంత్రముగ్ధుల్ని చేస్తుందనడంలో సందేహం లేదు...’

ఒక్కొక్క ముక్కా ఆ హాల్లో ఎలా పడుతుందో చూద్దాం. ‘రాష్ట్రంలోనే తిరుగులేని’ అన్నది ఎవరూ తేల్చి చెప్పలేని మాట. ముందు వరసలో ఇంకో డాక్టరు కూర్చుని ఉంటే ఆయన ఇబ్బందిగా కదులుతాడు, వేదిక మీద ఆమె ఇంకా ఇబ్బంది పడుతుంది. బంగారు పతకం నిజమే, కానీ పొలం గట్టు మీద పాము కరిచినవాడికి దాంతో పనిలేదు. అన్నిటికంటే ప్రమాదకరమైన మాట ‘ప్రాణదాత’. ఆ నూటయాభై మందిలో పాము కాటుతో అదే ఆసుపత్రికి తీసుకెళ్లినా మనిషి దక్కని కుటుంబం ఉండవచ్చు. వాళ్ల చెవిన ఆ మాట పడ్డ క్షణమే వక్త వాళ్లకు దూరమవుతుంది. ఆ తర్వాత ఆమె ఎంత పనికొచ్చే సంగతి చెప్పినా వాళ్లు మనసు పెట్టి వినలేరు.

ఈ ముసాయిదాను మార్చింది ఒక ఫోన్ కాల్.

బయోడేటాలో దొరకనిది

పరిచయం చేసేవాళ్లు సభకు మూడు నాలుగు రోజుల ముందు వక్తతో ఐదు నిమిషాలు మాట్లాడాలి. వేదిక మీద పక్కపక్కన కూర్చున్నాక చెవిలో అడిగితే సరిపోదు. అడగాల్సినవి నాలుగే: మీ పేరు ఎలా పలకాలి, ఏమని పిలవాలి? మీరు ఏం చెప్పబోతున్నారు? ఈ విషయంతో మీకు అనుబంధం ఎలా కుదిరింది? నేను చెప్పకూడనివి ఏమైనా ఉన్నాయా?

మాస్టారు ఫోన్ చేసినప్పుడు అసలు సంగతి మూడో ప్రశ్న దగ్గర బయటపడింది.

‘డాక్టరు గారూ, పాము కాటు మీద మీకింత శ్రద్ధ ఎలా ఏర్పడిందండీ?’

‘ప్రత్యేకంగా ఏమీ లేదు మాస్టారూ. పన్నెండేళ్లుగా ఇక్కడే ఉన్నాను కదా. కేసు రాగానే ఇంటి దగ్గర ఏం చేశారని అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటాను. అదొక అలవాటైపోయింది. అవి చూసుకుంటే, మనవాళ్లు చేసే పొరపాట్లు అవే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.’

‘ఆ నోటుపుస్తకం సంగతి సభలో చెప్పవచ్చా?’

‘చెప్పండి. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు మాత్రం వద్దు. ఇంకో మాట మాస్టారూ, వేల మందిని బతికించారు అలాంటివి అనకండి. దక్కనివాళ్లు కూడా ఉన్నారు.’

నోటుపుస్తకం సంగతి బయోడేటాలో లేదు. ఎవరి బయోడేటాలోనూ ఇలాంటివి ఉండవు. ఉద్యోగానికో పదోన్నతికో తయారుచేసుకున్న కాగితం అది. సభలో శ్రోతకు నమ్మకం కలిగించే వివరం రోజువారీ పనిలో దొరుకుతుంది, దాన్ని అడిగి తెలుసుకోవాలి. ఆ నోటుపుస్తకం ఒక్కటీ చాలు, ఈమె మా ఊళ్ల సంగతులు తెలిసిన మనిషి, చూసిందే చెబుతుంది అని శ్రోతకు అర్థమవడానికి. ‘అనుభవజ్ఞురాలు’ అన్న విశేషణం వాడకుండానే ఆ పని జరిగిపోయింది.

చెప్పకూడనివి ఏమిటని అడగడం కూడా అంతే అవసరం. కొందరికి పాత ఉద్యోగం ప్రస్తావన ఇష్టముండదు. కొందరికి వయసు, కుటుంబ వివరాలు నచ్చవు. కొందరు ఇంటిపేరుతో సహా పిలిపించుకుంటారు, కొందరు వద్దంటారు. వేదిక మీద పేరు తప్పు పలికితే ఆ తర్వాత ఎంత బాగా చెప్పినా, ఈయనకు వక్త ఎవరో సరిగ్గా తెలియదన్న సంగతి అందరికీ తెలిసిపోతుంది.

ఇక రెండో ప్రశ్న, ఏం చెప్పబోతున్నారన్నది, ఆ సంగతులు మనం ముందే చెప్పేయకుండా ఉండటానికి. కాటు పైన తాడు బిగించి కట్టవద్దు, కోసి రక్తం తీయవద్దు అన్నవి ఆ రోజు ఆమె చెప్పబోయే ముఖ్యమైన మాటలు. పుస్తకాలు చదివే అలవాటున్న మాస్టారికి ఇవి ముందే తెలిసి ఉండవచ్చు. పరిచయంలో ఉత్సాహం కొద్దీ వాటిని ఆయనే చెప్పేస్తే ఆమె ప్రసంగం మొదలు పోయినట్టే. పరిచయకర్త ప్రశ్న దగ్గర ఆగిపోవాలి, జవాబు వక్తకు వదిలేయాలి.

నిమిషంలో పట్టేది

మాస్టారు రెండోసారి రాసుకున్నది ఇది:

‘అందరికీ నమస్కారం. వచ్చే నెల మనమంతా పొలాల్లో ఉంటాం. తెల్లారకముందే నీళ్లు పెట్టడానికి వెళ్తాం, రాత్రి మోటారు వేయడానికి వెళ్తాం. ఆ చీకట్లో కాలి మీద ఏదో కరిచిందనుకోండి. పక్కనున్న మనిషి ఏం చేయాలి, ఏం చేయకూడదు? ఈ రోజు మనం వినబోయేది అదే. చెప్పబోయేది మన ఏరియా ఆసుపత్రిలో పన్నెండేళ్లుగా పాము కాటు కేసులు చూస్తున్న వైద్యురాలు. రోగిని ఆసుపత్రికి తెచ్చేముందు ఇంటి దగ్గర ఏం చేశారో ప్రతి కేసులోనూ అడిగి నోటుపుస్తకంలో రాసుకుంటారు. ఆ పుస్తకంలో ఉన్నవన్నీ మన చుట్టుపక్కల ఊళ్ల సంగతులే. వాటిలోంచి మనకు పనికొచ్చేవి ఈ రోజు చెబుతారు. ప్రసంగం అరగంట, ఆ తర్వాత మీ ప్రశ్నలకు జవాబులు. డాక్టర్ ఫలానా గారు.’

ఎనభై మాటలకు కాస్త తక్కువే ఉంది. వేదిక మీద తెలుగులో స్పష్టంగా, తొందరపడకుండా మాట్లాడితే నిమిషానికి ఎనభై నుంచి వంద మాటలు పడతాయి. కాబట్టి చప్పట్లకూ, ఊపిరి తీసుకోవడానికీ చోటు వదిలినా ఇది నిమిషంలో అయిపోతుంది. కాగితం మీద చూస్తే మరీ చిన్నదనిపిస్తుంది. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పైకి చదివి చూస్తే నిమిషం ఎంత పెద్దదో తెలుస్తుంది. మనసులో చదివితే లెక్క తప్పుతుంది, పైకే చదవాలి.

ఇందులో ఒక్క పొగడ్త మాటా లేదు. అయినా ఆమె మీద గౌరవం కలుగుతుంది. పన్నెండేళ్లు అదే పని, ప్రతి కేసులోనూ అడిగి రాసుకోవడం, ఇవి జరిగిన పనులు. వాటిని విన్న శ్రోత తానే ‘గట్టి మనిషి’ అనుకుంటాడు. మనం చెప్పిన పొగడ్తను అనుమానించే శ్రోత, తనకు తానుగా తేల్చుకున్నదాన్ని అనుమానించడు.

భాష కూడా గమనించండి. ‘విధులు నిర్వర్తిస్తున్నారు’, ‘సేవలందించి యున్నారు’, ‘ప్రసంగించవలసిందిగా కోరుతున్నాము’ అని మాస్టారు రాయలేదు. అలాంటి వాక్యాలు కాగితం మీంచి చదివినట్టే వినిపిస్తాయి, శ్రోత చెవి వాటిని దాటేస్తుంది. వాక్యాలు చిన్నవి. శ్రోతలను ‘మనం’ అని కలుపుకున్నాడు. ప్రసంగం ఎంతసేపో, ప్రశ్నలకు వీలుందో లేదో ముందే చెప్పాడు. ఎంతసేపు కూర్చోవాలో తెలిస్తే శ్రోత స్థిమితంగా కూర్చుంటాడు.

పేరు చివర్లో రావడానికి ఒక కారణముంది. ఫ్లెక్సీ మీద, కరపత్రం మీద పేరు అందరూ చూసే ఉంటారు, దాచడానికేమీ లేదు. కానీ పేరు పలకగానే చప్పట్లు కొట్టాలని సభకు అలవాటు. పేరు మొదట్లో పలికితే అప్పుడే చప్పట్లు పడిపోతాయి, వక్త లేచి మైకు దగ్గరకు వచ్చేసరికి హాలు నిశ్శబ్దంగా ఉంటుంది. చివర్లో పలికితే ఆ చప్పట్లే ఆమెను మైకు దాకా తీసుకొస్తాయి.

మరీ పేరున్న వక్త అయితే పరిచయం ఇంకా తగ్గాలి. అమెరికా అధ్యక్షుణ్ణి లాంఛనంగా సభకు ఆహ్వానించేటప్పుడు ఆయన పదవి పేరు తప్ప మరేమీ చెప్పరు. అందరికీ తెలిసిన సంగతి మళ్లీ చెప్పడం వల్ల ఆ మనిషికి ఒరిగేదేమీ ఉండదు. అలాంటప్పుడు నిమిషంలో ఎక్కువ భాగం విషయానికీ, ఆయన్ని ఈ సభకే ఎందుకు పిలిచామన్నదానికీ ఇవ్వాలి. పేరు తెలియని వక్త అయితే నిమిషంలో ఎక్కువ భాగం ఆయన చేసిన పనికి ఇవ్వాలి.

అందరికీ ఒకటే కొలబద్ద

ఒకే వేదిక మీద పలువురు వక్తలు ఉన్నప్పుడు పరిచయాల్లో ఇంకో తప్పు దొర్లుతుంది. అమెరికాలోని మేయో క్లినిక్‌లో జరిగే వైద్య ప్రసంగాల వీడియోలను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. మగవాళ్లు మగ వక్తలను పరిచయం చేసినప్పుడు 72 శాతం సందర్భాల్లో ‘డాక్టర్’ అని వృత్తి హోదాతో పిలిచారు. అదే మగవాళ్లు మహిళా వక్తలను పరిచయం చేసినప్పుడు అది 49 శాతానికి పడిపోయింది. వాళ్లందరూ డాక్టర్లే. మహిళలు పరిచయకర్తలుగా ఉన్నప్పుడు మాత్రం దాదాపు ప్రతిసారీ హోదాతోనే పిలిచారు.

మన సభల్లో దీన్ని గమనించడానికి అధ్యయనం కూడా అక్కర్లేదు. వేదిక మీద ఉన్న ప్రొఫెసర్ గారికి ఆయన పరిశోధన చెబుతాం. పక్కనే ఉన్న ప్రొఫెసరమ్మకు ‘ఇల్లాలిగా, తల్లిగా ఇంటిని చక్కదిద్దుకుంటూనే’ అని మొదలుపెడతాం. ప్రేమగానే అంటాం, కానీ ఆ మాటతో ఆమె చదువు, పని రెండో వరసలోకి వెళ్లిపోతాయి. శ్రోత ఆమె మాటకిచ్చే విలువ కూడా అక్కడికే దిగుతుంది. దీనికి సులువైన పరీక్ష ఉంది. రాసుకున్న పరిచయాలన్నీ పక్కపక్కన పెట్టి, ఒకరికి రాసిన వాక్యం మరొకరికి కూడా రాస్తామా అని చూసుకోవాలి. మగ వక్త గురించి రాయని వాక్యం మహిళా వక్త గురించి ఉంటే కొట్టేయాలి. ఒకరికి ‘డాక్టర్’ అంటే అర్హత ఉన్న అందరికీ అనాలి.

శాలువా ఎప్పుడు కప్పాలి?

పరిచయం ఎంత బాగా చేసినా మన సభల్లో అది వృథా అయ్యే ఘట్టం ఒకటుంది. పరిచయం అయిపోయింది, శ్రోతలు కుతూహలంగా ఉన్నారు, వక్త లేచి నిలబడ్డారు. అప్పుడు నిర్వాహకులు వచ్చి పూలగుచ్ఛం ఇస్తారు. తర్వాత శాలువా, తర్వాత జ్ఞాపిక. ఫొటో కోసం కమిటీ సభ్యులందరూ వేదిక మీదికి వస్తారు. ఫొటోగ్రాఫరు ఇంకొకటి అంటాడు. ఇదంతా అయ్యేసరికి ఏడెనిమిది నిమిషాలు గడుస్తాయి, పిల్లలు మాటల్లో పడతారు, వెనక వరసలో ఇద్దరు టీ కోసం లేస్తారు. చీకట్లో కాలి మీద ఏదో కరిచిందన్న ప్రశ్న ఎవరికీ గుర్తుండదు.

సన్మానం మన సంప్రదాయం, చేయాల్సిందే. దాని చోటు మాత్రం ప్రసంగం తర్వాత. విషయం విన్నాక సభ మనస్ఫూర్తిగా చప్పట్లు కొడుతుంది, ఆ సన్మానానికి అర్థమూ ఉంటుంది. వక్త వెంటనే వెళ్లిపోవాల్సి వచ్చి ముందే చేయక తప్పకపోతే, పరిచయానికి ముందు పూర్తి చేయాలి. పరిచయానికీ ప్రసంగానికీ మధ్య మాత్రం ఏదీ దూరకూడదు. ఈ ఒక్క మార్పు కోసం నిర్వాహకులతో ముందురోజే మాట్లాడుకోవడం పరిచయకర్త పనే.

బయోడేటాలో మిగిలినవాటికి కూడా చోట్లున్నాయి. చదువులు, పదవులు, పుస్తకాలు ఆహ్వాన పత్రికలో వేయవచ్చు. ఘనత మొత్తం సన్మాన పత్రంలో రాసి చదివి వినిపించవచ్చు. పురస్కార సభల్లో, అభినందన సభల్లో ఆ వ్యక్తి జీవితమే విషయం కాబట్టి అక్కడ నిమిషం నియమం పనికిరాదు. అక్కడ తీరిగ్గా, వివరంగా చెప్పడమే మర్యాద. ప్రభుత్వ కార్యక్రమాల్లో హోదాల వరస పాటించక తప్పదు. నిమిషం పరిచయం ప్రసంగం వినడానికి వచ్చిన సభలకు సంబంధించింది.

మైకు దగ్గర చేయాల్సిన పనులు కొన్నే. పరిచయం చేస్తున్నంతసేపూ శ్రోతలను చూడాలి. మనవాళ్లు చాలామంది వేదిక మీద కూర్చున్న వక్త వైపు తిరిగి ‘మీరు ఎంతో...’ అని ఆయనకే చెబుతుంటారు. అప్పుడు సభ, ఇద్దరు మనుషుల సంభాషణ పక్క నుంచి వింటున్నట్టు ఉండిపోతుంది. పేరు శ్రోతల వైపే చూస్తూ స్పష్టంగా పలికి, ఆ తర్వాతే వక్త వైపు తిరగాలి. మనమే మొదట చప్పట్లు మొదలుపెట్టాలి. ఆమె మైకు దగ్గరికి వచ్చేదాకా అక్కడే ఉండి, మైకు ఎత్తు సరిచేసి, పక్కకు తప్పుకోవాలి.

మొదటి వాక్యం వినండి

పరిచయం కుదిరిందా లేదా అన్నది ఎవరినీ అడగనక్కర్లేదు. వక్త పలికే మొదటి వాక్యంలోనే తెలిసిపోతుంది. ‘నా మీద అభిమానంతో నాకు లేనివి కూడా చెప్పారు’ అని మొదలుపెడితే మనం అతిగా పొగిడాం. ఆమె విలువైన మొదటి నిమిషం మన మాటలు వెనక్కి తీసుకోవడానికే ఖర్చయింది. ‘నేను ఫలానా చోట పనిచేస్తున్నాను, ఈ రంగంలో ఇన్నేళ్లుగా ఉన్నాను’ అని తనను తాను పరిచయం చేసుకుంటే మనం తక్కువ చెప్పాం, లేదా అసలైనది వదిలేశాం. ‘మాస్టారు అన్నట్టు, చీకట్లో కాలి మీద ఏదో కరిచింది. అప్పుడు మొదట చేయాల్సింది...’ అని నేరుగా విషయంలోకి వెళితే పరిచయం సరిగ్గా కుదిరినట్టు.

పొరపాటు జరిగినా దిద్దుకోవడానికి ఈ పరీక్షే దారి చూపుతుంది. తర్వాతి సభలో వక్త మొదటి వాక్యం కాగితం మీద రాసుకోండి. ఆమె క్షమాపణగా మొదలుపెట్టినట్టయితే మీ పరిచయంలోని విశేషణాలు కొట్టేసి ఒక్క పని ఉంచండి. తన గురించి తానే చెప్పుకున్నట్టయితే ఆ చెప్పుకున్న వివరమే మీరు ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్న. అలా దిద్దుకున్న ఎనభై మాటలు వక్తకు ఆమె ప్రసంగ సమయం మొత్తం దక్కేలా చేస్తాయి. వినడానికి పనులు మానుకుని వచ్చిన ఆ నూటయాభై మందికి మనం చేయగలిగిన మర్యాద కూడా అదే.